ప్రెస్‌మడ్ పచ్చిది వేస్తే పైరు ఎందుకు పోతుంది, 90 రోజుల్లో ఎరువు ఎలా చేసుకోవాలి

ప్రశ్న: "నమస్తే అండి. మాది రాజాం దగ్గర పల్లెటూరు. పోయినేడు చెరకు ఫ్యాక్టరీ ప్రెస్‌మడ్ ఒక ట్రక్కు తెచ్చి మొక్కజొన్నకి చల్లితే మొక్కలు పసుపెక్కి కొన్ని చచ్చిపోయాయి. అయినా చవగ్గా వస్తోందని ఈసారి 4 ట్రక్కులు తోలించాం, ట్రక్కు 1500 పడింది కిరాయితో కలిపి. పొలం గట్టు మీద పడి ఉంది, వాసన వస్తోంది. దీన్ని ఖరీఫ్‌కి ఎరువుగా ఎలా చేసుకోవాలి, అసలు ఆ డబ్బుకి తగిన బలం ఉందా?"

సమాధానం:

నమస్తే బాబూ. నేను ఇది 14 ఏళ్లుగా చేస్తున్నాను, మొదటి ఏడాది నాకూ మీకు జరిగినట్టే జరిగింది, అది కూడా వరిలో. ఉభాలకి వారం ముందు పచ్చి ప్రెస్‌మడ్ దమ్ములో కలిపేసాను, నాటిన పది రోజులకి మొక్క ఎదగకుండా పసుపు తిరిగింది, మడిలో అడుగేస్తే బుడగలు, కుళ్లిన గుడ్ల కంపు, మొక్క పీకి చూస్తే వేర్లు నల్లగా ఉన్నాయి. నీళ్లు తీసేసి నాలుగు రోజులు ఆరగడితే గాని తేరుకోలేదు. కాబట్టి ముందు అలా ఎందుకవుతుందో చెప్తాను, అది అర్థమైతే కుప్ప ఎలా వెయ్యాలో సగం మీకే తెలిసిపోద్ది.

ఫ్యాక్టరీలో రసాన్ని వేడి చేసి సున్నం, గంధకం పొగ పట్టిస్తారు, అప్పుడు రసంలో ఉన్న మలినం అంతా అడుగుకి దిగుతుంది. ఆ బురదలోకి సన్న పిప్పి పొడి కలిపి, తిరిగే పెద్ద ఫిల్టర్ డ్రమ్ము మీద రసం పీల్చేస్తే, పైన మిగిలి గీకబడేదే మన ప్రెస్‌మడ్. అందులో ఇంకా కొంత చక్కెర ఉంటుంది, చెరకు గెడ పైన బూడిదలా కనిపించే మైనం ఉంటుంది, పిప్పి పీచు ఉంటుంది, సున్నం, గంధకం ఉంటాయి. భాస్వరం కూడా బాగానే ఉంటుంది, ఎందుకంటే రసంలో భాస్వరం తక్కువుంటే తేటబడదని ఫ్యాక్టరీ వాళ్లు ఫాస్ఫారిక్ యాసిడ్ కలుపుతారు, అది సున్నంతో కలిసి మడ్‌లోకే దిగిపోద్ది. ఈ భాస్వరం సంగతి గుర్తుంచుకోండి, లెక్క దగ్గర మళ్లీ వస్తాను.

ఇప్పుడు ఆ చక్కెర ఉన్న పచ్చి సరుకు నేలలో పడితే సూక్ష్మజీవులకి పండగే. ఒక్కసారిగా పెరిగిపోయి, తినడానికి కావలసిన నత్రజని మట్టిలోంచి లాగేసుకుంటాయి, మొక్కకి మిగలదు, అందుకే మీ మొక్కజొన్న పసుపెక్కింది. వేరు చుట్టూ ఉన్న గాలి కూడా అవే వాడేస్తాయి, పులిసినప్పుడు వచ్చే ఆమ్లాలు లేత వేరుని కొరుకుతాయి, చచ్చిపోయిన మొక్కలు బహుశా గడ్డలు మొదట్లో పడినవి అయ్యుంటాయి. నీళ్లు నిలిచిన వరి మడిలో అయితే దీనికి తోడు గంధకం గుడ్ల కంపు గ్యాస్‌గా మారి వేరుని నల్లబరుస్తుంది. ఇక మైనం సంగతి, పచ్చి గడ్డ పొలంలో ఎండితే దాని మీద పడిన నీళ్లు తామరాకు మీద పడినట్టు జారిపోతాయి, రెండో పంటకి దున్నినప్పుడు కూడా అదే గడ్డ అలాగే పైకి వస్తుంది. ఈ చక్కెర, మైనం రెండూ పొలంలో కాకుండా గట్టు మీద కుప్పలోనే అరిగిపోవాలి, మనం చేసే పనంతా అందుకే.

ఇప్పుడు కుప్ప. మీ 4 ట్రక్కులు, ట్రక్కుకి 3 టన్నులు అనుకుంటే 12 టన్నులు. వర్షం నీళ్లు నిలవని మెరక చోటు చూసుకోండి, బోరు దగ్గరగా ఉండాలి, తాగే నీళ్ల బావికి ఇంటికి దూరంగా ఉండాలి. నేల గట్టిగా తొక్కించి అడుగున జానెడు మందాన చెరకు ఆకు పరవండి. చెరకు ఆకు దొరక్కపోతే మొక్కజొన్న చొప్ప నరికి వేయండి, వరిగడ్డి కూడా పర్వాలేదు గాని తొందరగా అణిగిపోద్ది. దాని మీద అడుగు మందం ప్రెస్‌మడ్, మళ్లీ పల్చగా ఆకు, ఆ పొర మీద పేడ కలిపిన నీళ్లు, ఇలా పొరలు పొరలుగా వేసుకుంటూ 8 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు ఉన్న బారు కుప్ప చెయ్యండి, మీ సరుకుకి దాదాపు 40 అడుగుల పొడవొస్తుంది. ఆకు మొత్తం మీద ఒక టన్ను సరిపోద్ది, అంతకంటే ఎక్కువేస్తే అరగడానికి ఎక్కువ రోజులు పడుతుంది, ఇక్కడ ఆకు పని బలం ఇవ్వడం కాదు, లోపలికి గాలి పోవడానికి సందు ఇవ్వడం. పేడ ట్రక్కుకి 50 కిలోల లెక్కన చాలు. ఎత్తు 5 అడుగులు దాటితే అడుగు పొర బరువుకి అణిగిపోయి గాలాడదు, 3 అడుగులకి తగ్గితే వేడి నిలవదు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే, మొదటి రోజే నీళ్లు పోసేస్తారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సరుకులో ముప్పాతిక వంతు దాకా నీళ్లే ఉంటాయి, దానికి ఇంకా నీళ్లెందుకు. గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండండి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే ఎక్కువున్నట్టు, రెండు రోజులు పల్చగా ఆరనిచ్చి కుప్ప వెయ్యండి. చెయ్యి తడై, ముద్ద నిలబడి, వేలితో పొడిస్తే విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. పేడ నీళ్లు కూడా సరుకు తడి చూసుకుని చిక్కగా చిలకరించండి చాలు. మొదటి రెండు వారాలు సాధారణంగా పై నీళ్ల అవసరం రాదు.

మూడు నాలుగు రోజుల్లో కుప్ప కాగుతుంది, లోపల 60 నుంచి 65 డిగ్రీలు వెళ్తుంది. థర్మామీటర్ అక్కర్లేదు, గునపం నడి కుప్పలోకి దించి పది నిమిషాలాగి తీసి మొన పట్టుకోండి, పట్టుకోలేకపోతే పని జరుగుతున్నట్టు. ఆ వేడిలో పని చేసే సూక్ష్మజీవులే చక్కెర తినేస్తాయి, మైనం కూడా అరగడం మొదలవుతుంది. ఏడెనిమిది రోజులకి మొదటిసారి తిరగెయ్యండి. తిరగెయ్యడం అంటే కదిపి వదిలెయ్యడం కాదు, బయట పొర లోపలికి, అడుగుది పైకి రావాలి. అయిదారుగురు పారలతో చేస్తే ఒక పూట పని, జేసీబీ అయితే గంటలోపే అయిపోద్ది, కాకపోతే బకెట్‌తో కుప్పని నొక్కొద్దని డ్రైవర్‌కి గట్టిగా చెప్పండి. తర్వాత పది రోజులకోసారి మూడు సార్లు, ఆ తర్వాత పదిహేను రోజులకోసారి రెండు సార్లు, మొత్తం ఆరు తిరగేతలు. ఆఖరి తిరగేత అయ్యాక మిగతా రోజులు కదపకుండా వదిలేస్తే 90 రోజులకి తయారవుద్ది. ఇప్పుడు మార్చిలో మొదలుపెడితే జూన్ మధ్యకి అవుద్ది, మన ఖరీఫ్‌కి సరిగ్గా అందుతుంది.

మన ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం కథ తిరగబడుతుంది, అప్పుడు నీళ్లు చాలకపోవడమే సమస్య. ఎండిన కుప్ప మీద పైన పైపు పెట్టి తడిపితే లాభం లేదు, మైనం వల్ల నీళ్లు పక్కల నుంచి జారి కింద మడుగు కడతాయి, లోపల పొడిపొడిగానే ఉంటుంది. తిరగేసేటప్పుడే ఒకరు పారతో ఎత్తుతుంటే ఇంకొకరు పైపుతో చల్లాలి, మీ కుప్పకి ఒక్కో తిరగేతకి 200 లీటర్ల డ్రమ్ములు 4, 5 పడతాయి. కుప్ప కొంచెం తవ్వితే లోపల బూడిద రంగు తెల్లటి పొర, పట్టుకుంటే పొడిలా రాలుతూ కనిపిస్తే అది బూజు పట్టి పాడైందని చాలామంది కంగారు పడతారు, పాడవలేదు, వేడి ఎక్కువై తడి తక్కువైందని అర్థం, వెంటనే తిరగేసి తడపండి. బాగా ఎండిన ప్రెస్‌మడ్ అంటుకుంటే లోలోపల రాజుకుంటుంది, మైనం పీచు ఉన్న సరుకు కదా, ఇటుక బట్టీల వాళ్లు కూడా దీన్ని కాల్చడానికి వాడతారు. అందుకని గడ్డివాము పక్కన ఎప్పుడూ వెయ్యకండి, కుప్ప దగ్గర చుట్ట బీడీ వద్దని పనివాళ్లకి చెప్పండి.

ముక్కుతో చాలావరకు కనిపెట్టొచ్చు. పుల్లటి వాసన లేదా గుడ్ల కంపు వస్తే గాలి అందట్లేదు, తడి ఎక్కువుంది, ఎండాకు కలిపి తిరగెయ్యాలి. మీరు చెప్పిన వాసన ఇదే అయ్యుంటుంది, దింపిన చోట దింపినట్టే ఉంది గనక లోపల పులుస్తోంది, ఇప్పుడే విప్పి బారు కుప్ప చేస్తే వారంలో పోతుంది. అలా కాకుండా ముక్కు కళ్లు మండే ఘాటు వాసన, యూరియా బస్తా తడిసినప్పుడు వచ్చే లాంటిది వస్తే నత్రజని గాల్లోకి పోతున్నట్టు, అంటే మీ డబ్బే పోతున్నట్టు. అప్పుడు పైన బెత్తెడు మందం ఆకు గాని పాత గత్తం గాని కప్పి, తిరగేత రెండు రోజులు ఆలస్యంగా చెయ్యండి.

జీవన ఎరువుల విషయంలో ఒక మాట. ట్రైకోడెర్మా, అజోస్పైరిల్లం ప్యాకెట్లు కొని మొదటి రోజే కుప్పలో కలిపేవాళ్లని చూశాను, ఆ 65 డిగ్రీల వేడికి అవి మూడో రోజుకే చచ్చిపోతాయి, ప్యాకెట్ డబ్బులు కుప్పలో పోసినట్టే. కుప్ప చల్లారాక, అంటే ఆఖరి తిరగేత తర్వాత కలపాలి, కలిపాక నీడ పట్టున తడి ఆరకుండా పది పదిహేను రోజులు ఉంచితే బాగా పెరుగుతాయి. వానపాములతో చేద్దామన్నా అంతే, కనీసం నాలుగు వారాలు కాగి చల్లారిన సరుకులోనే వదలండి, వేడి సరుకులో వదిలితే గంటలో బయటికి పాకి వచ్చేస్తాయి, రాలేనివి చస్తాయి.

ఇంకొకటి, కొబ్బరి చెట్లున్నవాళ్లు ముఖ్యంగా ఉద్దానం వైపు వాళ్లు కుప్ప నెలల తరబడి కదపకుండా వదలకూడదు. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది ఇలాంటి కుప్పల్లోనే, తెల్లగా బొటనవేలంత లావు, సున్నా చుట్టుకుని పడుకునే పురుగులు కనిపిస్తాయి. తిరగేసినప్పుడల్లా ఏరి కోళ్లకి వెయ్యండి. మెటారైజియం అనే శిలీంధ్రం పొడి దొరికితే చల్లారిన కుప్పలో కలిపితే పురుగుల్ని పట్టి చంపుతుంది.

తయారైందో లేదో తేదీ చూసి కాదు, సరుకు చూసి చెప్పాలి. కుప్ప సగానికి దిగిపోవాలి, రంగు ముదురు గోధుమ నలుపు, చేత్తో నలిపితే తొలకరి వాన పడ్డ మట్టి వాసన రావాలి, పీచు కనపడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తిరగేసి తడిపాక కూడా మళ్లీ కాగకూడదు. అనుమానంగా ఉంటే రెండు గుప్పిళ్లు తడిపి పాలిథిన్ కవర్లో గాలి లేకుండా మూడు రోజులు కట్టి ఉంచి విప్పండి, పుల్లటి కంపు వస్తే ఇంకా పచ్చిదే. నేను చివరికి ఎప్పుడూ పెసలతో చూస్తాను, ఒక గ్లాసులో మట్టి, ఇంకో గ్లాసులో సగం మట్టి సగం ఈ ఎరువు, రెండిట్లో 20 పెసలు వేసి వారం చూస్తే తెలిసిపోద్ది. ఎరువు గ్లాసులో మొలకలు తక్కువొచ్చినా, వేరు కొస గోధుమ రంగు తిరిగినా ఇంకో మూడు వారాలు ఆగాలి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, డబ్బుకి తగిన బలం ఉందా అని. లెక్క వేద్దాం. 12 టన్నుల్లో నీళ్లు 70 శాతం తీసేస్తే పొడి సరుకు 3.6 టన్నులు, మీరు కిరాయి కట్టి తోలించిన దాంట్లో 8.4 టన్నులు నీళ్లే, అందుకే ఫ్యాక్టరీకి దూరం పెరిగేకొద్దీ ఈ బేరం గిట్టదు. పొడి సరుకులో నత్రజని ఒకటిన్నర శాతం, భాస్వరం 2 శాతం, పొటాష్ ముప్పావు శాతం అనుకుందాం, ఫ్యాక్టరీని బట్టి సీజన్‌ని బట్టి మారతాయి గాని మరీ దూరం ఉండదు. అంటే నత్రజని 54 కిలోలు, కుప్పలో పావు వంతు గాల్లోకి పోయిందనుకున్నా 40 మిగులుతుంది. భాస్వరం 72 కిలోలు, ఇది గాల్లోకి పోదు, వానకి కారిపోకుండా చూసుకుంటే మొత్తం ఉంటుంది. పొటాష్ 27 కిలోలు. 50 కిలోల డీఏపీ బస్తాలో భాస్వరం 23 కిలోలు, కాబట్టి మీ కుప్పలో దాదాపు 3 డీఏపీ బస్తాల భాస్వరం ఉంది, బస్తా 1350 లెక్కన 4050. ఆ డీఏపీలో వచ్చే నత్రజని 27 కిలోలు తీసేసి చూస్తే మిగిలింది అర బస్తా పైచిలుకు యూరియా, అది 160, 170 రూపాయలు. పొటాష్ కూడా కలిపితే మొత్తం 5500 పైచిలుకు వస్తుంది. మీరు పెట్టింది 6000, పైన తిరగేత కూలి.

అంటే బస్తా బలంతో మాత్రమే పోల్చితే ఇది లాభం బేరం కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. పైగా ఆ నత్రజని మొదటి పంటకి మూడో వంతు కూడా అందదు, మిగతాది తర్వాతి పంటలకి మెల్లగా వస్తుంది, భాస్వరం కూడా మొదటి పంటకి సగమే లెక్కలో వేసుకోండి. మరి ఎందుకు చేస్తున్నానంటే, మా నేల ఎర్ర గరప, వాన పడిన మూడో రోజుకే ఆరిపోయేది, అయిదారు దఫాలు ఇది వేశాక ఇప్పుడు అదే చేలో తడికి తడికి మధ్య రెండు రోజులు ఎక్కువ ఆగగలుగుతున్నాను. ఆ విలువ బస్తాల లెక్కలో రాదు. ఇంకా ఇందులో సున్నం, గంధకం ఉన్నాయి గనక వేరుశనగకి బాగా పని చేస్తుంది, గత్తంలా కలుపు విత్తనాలు మోసుకురాదు. ఊళ్లో పశువులు తగ్గిపోయి గత్తం ట్రక్కు దొరకడమే కష్టమైన చోట ఇది కాకపోతే వేరే దారి కూడా తక్కువ.

మీ 12 టన్నులు, టన్ను ఆకు కలిసి చివరికి నాలుగున్నర టన్నుల ఎరువు అవుద్ది, తక్కువొచ్చిందని అనుకోకండి, పోయింది నీళ్లూ చక్కెరే. దాన్ని మీకున్న పొలమంతా పల్చగా చల్లొద్దు, 2 ఎకరాలకి పెట్టండి. మొక్కజొన్నకైతే సాలులో వేసి మట్టి కలిపి విత్తనం వెయ్యండి, వరికి ఆఖరి దమ్ముకి ముందు. ఎకరాకి డీఏపీ ఈ ఏడాది అర బస్తా తగ్గించి చూడండి, అంతకంటే మొదటిసారే తగ్గించొద్దు. యూరియా మామూలుగానే వెయ్యండి. పొటాష్ అసలు తగ్గించొద్దు, ప్రెస్‌మడ్‌లో బలహీనమైనది అదే, ఇది వేశాం కదా అని పొటాష్ మానేసి గింజ తాలు పోయినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. వీలుంటే ఎరువు సంచిలో కిలో పట్టుకెళ్లి ఆమదాలవలస గాని రస్తాకుంటుబాయి గాని కేవీకేలో అడిగి పరీక్ష చేయించుకోండి, నా శాతాల బదులు మీ శాతాలతో లెక్క వేసుకోవచ్చు.

ఒక జాగ్రత్త, డిస్టిలరీ ఉన్న ఫ్యాక్టరీల నుంచి 'బయో కంపోస్ట్' అని వచ్చేది వేరు. ప్రెస్‌మడ్ మీద స్పెంట్‌వాష్, అంటే డిస్టిలరీలో సారా తీశాక మిగిలే ముదురు నీళ్లు చల్లి మాగబెడతారు, అందులో పొటాష్ బాగా ఎక్కువ, ఉప్పు కూడా ఎక్కువే. దానికి పైన చెప్పిన పొటాష్ మాట వర్తించదు, నీరు దిగని బంక నేలల్లో, చౌడు ఛాయలున్న నేలల్లో ఏటా వేస్తే ఉప్పు పేరుకుంటుంది. కొనేముందు స్పెంట్‌వాష్ కలిపిందా లేదా అని అడిగి తెలుసుకోండి.

ఒకవేళ కూలీలు దొరక్క కుప్ప చెయ్యలేకపోతే పచ్చిదే వాడొచ్చు, కాని ఖాళీ పొలంలో మాత్రమే. ఇప్పుడే ఎకరాకి ఒక్క ట్రక్కు పల్చగా పరిచి, గడ్డలు చితికేలా రోటావేటర్ వేసి, ఒక తడి పెట్టి రెండు నెలలు వదిలేస్తే విత్తే వేళకి చక్కెర పోతుంది. మైనం గడ్డలు కొన్ని మిగులుతాయి, అది తప్పదు. నీళ్లు నిలిచే మడికి మాత్రం ఈ పద్ధతి వద్దు.

జూన్ మొదటి వానకి ముందే కుప్ప మీద బరకం కప్పండి, పక్కన చిన్న కాలవ తియ్యండి. పోయినేడు నేను రెండు రోజులు ఆలస్యం చేస్తే ఒక్క జడివానకి కుప్ప కింద నుంచి టీ డికాక్షన్ లాంటి నీళ్లు గట్టు దిగి పక్క చేలోకి పోయాయి, ఆ ఏడాది పక్క చేను మొక్కజొన్న ఆ మూల వరకు నాకంటే పచ్చగా ఉంది. మొదటి తిరగేత అయ్యాక గునపం వేడి ఎలా ఉందో, వాసన ఏమైనా మారిందో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.